రోజూ ఒకటా... వారానికి ఒకటా? మందుల షాపు నుంచి డాక్టరుకు వెళ్లాల్సిన ఫోన్

డాక్టర్ల చేతిరాత మళ్లీ వార్తల్లోకి వచ్చింది. చదవగలిగేలా రాసిన మందుల చీటీ పొందటం రోగి హక్కేనని, అది రాజ్యాంగంలోని 21వ అధికరణం కల్పించే జీవించే హక్కులో భాగమని పంజాబ్-హరియాణా హైకోర్టు 2025 ఆగస్టులో తేల్చి చెప్పింది. కంప్యూటర్ చీటీలు పూర్తిగా వచ్చేలోపు పెద్దక్షరాల్లో రాయాలనీ సూచించింది. నిజానికి మందుల పేర్లను అర్థమయ్యేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలన్న నియమాన్ని వైద్య మండలి 2016లోనే తెచ్చింది. మన దగ్గరా ఈ చర్చ కొత్తది కాదు. కొన్నేళ్ల క్రితం నల్లగొండకు చెందిన ఒక ఫార్మసిస్టు ఇదే సమస్యపై హైకోర్టు తలుపు తట్టారు.

మంచిదే. అయితే చీటీ చక్కగా చదవటానికి వచ్చినంత మాత్రాన అందులో ఉన్న మోతాదు సరైనదే అవుతుందా? అచ్చులో స్పష్టంగా ఉన్న చీటీ కూడా ప్రాణం మీదకు తేవచ్చు. అలాంటప్పుడు చివరి నిమిషంలో ఆపగలిగేది మందుల షాపులో కూర్చున్న ఫార్మసిస్టు, ఆయన డాక్టరుకు చేసే ఒక ఫోన్. ఆ ఫోన్‌లో ఏం అడగాలి, ఎలా అడగాలి, జవాబును ఎలా ఖాయం చేసుకోవాలి అన్నదానికి ఒక పద్ధతి ఉంది. అది మీకూ తెలిసి ఉంటే మంచిది. ఎందుకంటే ఆ ఫోన్ చేయమని అడగగలిగింది కౌంటరు ఇవతల నిలబడిన మీరే.

ఒక చీటీ, రెండు చిక్కులు

ఉదాహరణకు ఇలా అనుకుందాం. ఆవిడ 62 ఏళ్ల రిటైర్డ్ టీచరు. నాలుగేళ్లుగా రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, అంటే కీళ్లవాతం ఉంది. హైదరాబాద్‌లోని రుమటాలజిస్టు ఆవిడకు మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. అది ప్రతి ఆదివారం ఒకటి. దుష్ప్రభావాలు తగ్గటానికి మంగళవారం ఫోలిక్ యాసిడ్ మాత్ర. నొప్పులు అదుపులోనే ఉన్నాయి. పండక్కి విజయవాడలో కొడుకు ఇంటికి వచ్చారు. అక్కడ మూత్రంలో మంట మొదలైంది. దగ్గర్లోని ఫిజీషియన్‌కు చూపించుకున్నారు.

ఆయన ఆవిడ చెప్పింది విన్నారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు. వేసుకుంటున్న మాత్రల స్ట్రిప్పులు చూశారు. ‘ఇవీ అయిపోవచ్చాయి డాక్టరుగారూ, రాసివ్వండి’ అని కొడుకు అడిగితే వాటినీ చేర్చి కంప్యూటర్‌లో చీటీ తీసిచ్చారు. అందులో కోట్రైమాక్సజోల్ ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, ఐదు రోజులు అని ఉంది. దాని కింద మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు 1-0-0, పదిహేను రోజులు అని ఉంది. ఆ కింద ఫోలిక్ యాసిడ్. అచ్చు ముత్యాల్లా ఉంది. చదవటంలో ఎవరికీ ఇబ్బంది లేదు.

ఈ చీటీలో రెండు చిక్కులున్నాయి. 1-0-0 అంటే రోజూ ఉదయం ఒకటి. చాలా మాత్రలు రోజూ వేసుకునేవే కాబట్టి, కంప్యూటర్‌లో మందు పేరు ఎంచుకోగానే పక్కన ఈ అంకెలు వచ్చేలా పెట్టుకుంటారు. మార్చటం మరిచిపోతే అలాగే ఉండిపోతాయి. ఇది మొదటి చిక్కు. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్‌తో కోట్రైమాక్సజోల్ కలపకూడదు. ఇది రెండో చిక్కు. ఒకటి మోతాదు సంగతి, రెండోది మందుకూ మందుకూ పడకపోవటం. రెండింటి పర్యవసానం మాత్రం ఒకటే.

వారానికి ఒకటే ఎందుకు?

మెథోట్రెక్సేట్ మొదట్లో క్యాన్సర్‌కు వాడిన మందు. కణాలు కొత్తగా పుట్టాలంటే ఫోలేట్ అనే విటమిన్ కావాలి. ఈ మందు ఆ ఫోలేట్‌ను కణాలు వాడుకోనివ్వదు. కీళ్లవాతంలో దీన్ని చాలా తక్కువ మోతాదులో, సాధారణంగా వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాముల మధ్య ఇస్తారు. అంత కొద్దిగా ఇచ్చినప్పుడు కీళ్ల మీద దాడి చేసే రోగనిరోధక వ్యవస్థ దూకుడు తగ్గుతుంది.

అయితే మన శరీరంలో కొన్ని కణాలు ఎప్పుడూ వేగంగా పుడుతూనే ఉండాలి. ఎముక మూలుగలో తయారయ్యే రక్తకణాలు, నోటి లోపలి పొర, పేగుల పొర అలాంటివి. వారానికి ఒక్కరోజే మందు పడితే మిగతా ఆరు రోజుల్లో ఇవి కోలుకుంటాయి. రోజూ పడితే కోలుకునే వ్యవధే ఉండదు. ‘క్యాన్సర్ వాళ్లకు ఇంకా ఎక్కువ ఇస్తారుగా’ అని మీకు అనిపించవచ్చు. అక్కడ పెద్ద మోతాదు ఇచ్చినా, ఆసుపత్రిలో ఉంచి, రక్తంలో మందు ఎంత ఉందో చూస్తూ, విరుగుడు మందు ఇస్తూ చేస్తారు. ఇంట్లో రోజూ ఒక చిన్న మాత్ర వేసుకుంటూ పోవటం దానికంటే ప్రమాదం. ఇక్కడ ఎంత మందు పడిందన్నదాని కంటే, ఎన్ని రోజులు ఆపకుండా పడిందన్నది ఎక్కువ దెబ్బతీస్తుంది.

మన టీచరుగారి లెక్క చూడండి. వారానికి 15 మిల్లీగ్రాములు పడాల్సిన చోట, చీటీలో ఉన్నట్టు వేసుకుంటే 105 మిల్లీగ్రాములు పడతాయి. ఏడింతలు. కొద్ది రోజుల్లోనే నోట్లో పుండ్లు, గొంతు నొప్పి, విరేచనాలు మొదలు కావచ్చు. తెల్లకణాలు పడిపోతే జ్వరం, ప్లేట్‌లెట్లు పడిపోతే చర్మం మీద కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం. ఆలస్యమైతే ప్రాణాపాయం. ఇలాంటి పొరపాట్లు ఎన్నో దేశాల్లో జరిగాయి. అందుకే ఈ మాత్ర వారంలో ఏ రోజు వేసుకోవాలో చీటీలో రాసి తీరాలని బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2020లో గట్టిగా చెప్పింది.

ఇక కోట్రైమాక్సజోల్ సంగతి. అందులో ట్రైమెథోప్రిమ్, సల్ఫామెథాక్సజోల్ అని రెండు మందులుంటాయి. మొదటిది మెథోట్రెక్సేట్ మాదిరిగానే ఫోలేట్ దారికి అడ్డం పడుతుంది. రెండోది మెథోట్రెక్సేట్ కిడ్నీల ద్వారా బయటికి పోకుండా ఆపుతుంది. ఒకే చోట రెండు దెబ్బలన్నమాట. వారానికి ఒకటే మాత్ర వేసుకునే వారిలో కూడా ఈ రెండూ కలిసి రక్తకణాలన్నీ ఒక్కసారిగా పడిపోయిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. వయసు పైబడినవారిలో, కిడ్నీల పనితీరు తగ్గినవారిలో ముప్పు మరీ ఎక్కువ.

ఫోన్ ఎత్తే ముందు మూడు నిమిషాలు

మంచి ఫార్మసిస్టు ఈ చీటీ చూడగానే ఫోన్ ఎత్తరు. ముందు టీచరుగారితో మాట్లాడతారు. మెథోట్రెక్సేట్ పక్కన వారం పేరు లేకపోవటం, పదిహేను రోజులకు పదిహేను మాత్రలు కావాల్సి రావటం, ఈ రెండూ ఆయన్ను ఆపుతాయి. వారానికి ఒకటి వేసుకునేవారికి నెలకు నాలుగో ఐదో చాలు. ఈ లెక్క మీరూ గుర్తుంచుకోవచ్చు.

‘అమ్మా, ఈ మాత్ర దేనికి వాడుతున్నారు? ఇప్పటిదాకా ఎలా వేసుకుంటున్నారు?’ అని అడుగుతారు. ‘కీళ్లనొప్పులకండీ, ఆదివారం ఆదివారం’ అని ఆవిడ చెబుతారు. ‘పాత చీటీ ఉందా? ఈమధ్య చేయించిన రక్తపరీక్షల రిపోర్టులున్నాయా? సల్ఫా మందులు పడవని ఎవరైనా చెప్పారా? నొప్పి మాత్రలు ఇంకేమైనా వేసుకుంటున్నారా?’ అని అడుగుతారు. కొడుకు ఫోన్‌లో పాత చీటీ ఫొటో, నెల కిందటి రిపోర్టు ఉన్నాయి. రిపోర్టులో క్రియాటినిన్ 1.4 అని ఉంది. ఈ వయసులో, సన్నగా ఉన్న ఆడవారికి ఇది కిడ్నీల పనితీరు బాగా తగ్గిందని చెప్పే అంకె.

ఈ వివరాలు చేతిలో లేకుండా ఫోన్ చేస్తే, డాక్టరు ఒక ప్రశ్న ఎదురు వేయగానే ‘కనుక్కుని చెబుతానండీ’ అనాల్సి వస్తుంది. రెండోసారి ఫోన్ ఎత్తుతారన్న నమ్మకం లేదు. అందుకే ఈ మూడు నిమిషాలు.

ఆ ఫోన్ ఇలా సాగాలి

‘నమస్తే డాక్టరుగారూ. మీ క్లినిక్ పక్క వీధిలోని మెడికల్ షాపు నుంచి ఫార్మసిస్టును మాట్లాడుతున్నాను. మీరు ఈ ఉదయం మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు చూసిన 62 ఏళ్ల టీచరుగారి చీటీ నా దగ్గరుంది. ఆవిడ ఇక్కడే కూర్చున్నారు. రెండు విషయాలు అడగాలి. రెండు నిమిషాలు చాలు.’

‘ఓపీలో ఉన్నానండీ. చెప్పండి.’

‘మొదటిది మెథోట్రెక్సేట్. 15 మిల్లీగ్రాములు, ఒకటి ఐదు, రోజూ ఉదయం ఒకటి, పదిహేను రోజులు అని అచ్చయింది. రుమటాలజిస్టు రాసిన పాత చీటీలో ఆదివారం మాత్రమే అని ఉంది. ఆవిడా అలాగే వేసుకుంటున్నారు. ఇది ఏ మోతాదులో, వారంలో ఎప్పుడు వేసుకోవాలంటారు?’

‘అయ్యో, పాతవి అలాగే కొనసాగించమనే రాశాను. వారానికి ఒకసారే. సిస్టమ్‌లో మార్చలేదు.’

‘సరేనండీ. రెండోది కోట్రైమాక్సజోల్. ఇది మెథోట్రెక్సేట్‌తో కలిస్తే రక్తకణాలు పడిపోయే ముప్పుంది. పోయిన నెల రిపోర్టులో క్రియాటినిన్ 1.4, ఒకటి పాయింట్ నాలుగు ఉంది. దీని బదులు వేరే యాంటీబయోటిక్ ఆలోచిస్తారా?’

‘మెథోట్రెక్సేట్ చిన్న డోసే కదా. పైగా ఐదు రోజులేగా?’

‘చిన్న డోసు వాడేవారిలోనూ, కొద్ది రోజుల వాడకంలోనూ ఇబ్బందులు వచ్చినట్టు నమోదై ఉందండీ. ఆవిడ వయసు, కిడ్నీ రిపోర్టు చూసి నాకు భయంగా ఉంది. ఈ రెండూ కలిపి ఇవ్వలేకపోతున్నాను.’

అవతల కాసేపు మౌనం. ‘క్రియాటినిన్ రిపోర్టు నేను చూడలేదు. జ్వరం, నడుము నొప్పి లేవు కాబట్టి ఫాస్ఫోమైసిన్ ఇద్దాం. మూడు గ్రాముల పొడి, ఒక్కసారే. మందు వేసుకునే ముందు యూరిన్ కల్చర్‌కు శాంపిల్ ఇవ్వమనండి. రక్తకణాల పరీక్ష, క్రియాటినిన్ మళ్లీ చేయించమనండి. ఈ ఆదివారం మెథోట్రెక్సేట్ ఆపేయాలి. రిపోర్టులు చూసి వాళ్ల రుమటాలజిస్టుతో నేను మాట్లాడతాను.’

‘ఒకసారి చదివి వినిపిస్తానండీ. కోట్రైమాక్సజోల్ తీసేశారు. ఫాస్ఫోమైసిన్ మూడు గ్రాములు, నీళ్లలో కలిపి, ఒకే ఒక్క డోసు. దానికి ముందు యూరిన్ కల్చర్. రక్తకణాలు, క్రియాటినిన్ పరీక్షలు. మెథోట్రెక్సేట్ ఈ ఆదివారం వద్దు. రుమటాలజిస్టు చెప్పాకే మళ్లీ మొదలు. అప్పుడూ వారానికి ఒకసారే. సరిగ్గా రాసుకున్నానా?’

‘సరిగ్గానే ఉంది.’

‘సవరించిన చీటీ ఆవిడ కొడుకు ఫోన్‌కు పంపించండి, సంతకంతో. అది వచ్చాక మందు ఇస్తాను. ఈ మాట్లాడిన సమయం, మీ పేరు పాత చీటీ వెనక రాసుకుంటున్నాను.’

ఈ చీటీకి ఈ జవాబు సరిపోయింది. మరొకరి విషయంలో డాక్టరు వేరే మందు ఎంచుకోవచ్చు. మందు మార్చటం ఆయన పని. ఫార్మసిస్టు తనంతట తాను ఒకదాని బదులు మరొకటి ఇవ్వటానికి చట్టం ఒప్పుకోదు. షెడ్యూల్ హెచ్ మందులకు చీటీ రాతలో ఉండాలి, తేదీ, సంతకం ఉండాలి. అందుకే ఫోన్‌లో మాటతో ఆగకుండా సవరించిన చీటీ అడగటం.

ప్రతి మాటకూ ఒక కారణం

ఈ సంభాషణలో ఫార్మసిస్టు ఎక్కడా ‘సార్, ఇది వారానికోసారే కదా?’ అని అడగలేదు. అలా అడిగితే తొందరలో ఉన్న డాక్టరు ‘ఆఁ, అంతే’ అనేస్తారు. ఆ ‘ఆఁ’ నిజంగా ఆలోచించి అన్నదో, ఫోన్ పెట్టేయాలని అన్నదో తెలియదు. ఇంకా ఘోరమైన ప్రశ్న ‘చీటీలో ఉన్నట్టే ఇవ్వమంటారా?’ అన్నది. దానికి ‘ఇచ్చేయండి’ అన్న జవాబే వస్తుంది. చీటీలో ఏముందో చదివి, పాత చీటీలో ఏముందో చెప్పి, ‘ఏ మోతాదు, ఎప్పుడు?’ అని అడిగితే మోతాదును డాక్టరు తన నోటితో చెప్పాల్సి వస్తుంది. పొరపాటు అక్కడే బయటపడుతుంది.

అంకెలను విడివిడిగా పలకటమూ చాదస్తం కాదు. ఫోన్‌లో ఇంగ్లిష్‌లో ‘ఫిఫ్టీన్’ అంటే ‘ఫిఫ్టీ’గా వినిపించవచ్చు. ‘ఒకటి ఐదు’ అంటే ఆ గొడవ ఉండదు. చివర్లో చదివి వినిపించటం అన్నిటికంటే ముఖ్యం. విన్నది సరిగ్గా విన్నామో లేదో తేలేది అప్పుడే. మీరు బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతా నంబరు చెప్పినప్పుడు అవతలివారు తిరిగి చదువుతారు కదా, అదే పద్ధతి.

రెండో చిక్కు దగ్గర మాత్రం ఫార్మసిస్టు ప్రశ్నతో ఆగలేదు. ముప్పు ఏమిటో, ఈవిడకు అది ఎందుకు ఎక్కువో ఒక్క అంకెతో చెప్పారు. ‘ఈ రెండూ పడవట సార్’ అని ఊరుకుంటే డాక్టరు తేలిగ్గా తీసేయవచ్చు. ఎందుకంటే కంప్యూటర్‌లో వెతికితే ఏ రెండు మందులకైనా ఏదో ఒక హెచ్చరిక కనిపిస్తుంది. ప్రతి హెచ్చరికకూ ఫోన్ చేస్తే నిజంగా అవసరమైన రోజున ఎవరూ ఎత్తరు. ఈ రోగికి ఈ జంట ప్రమాదం అని చెప్పగలగాలి. డాక్టరు ఎదురు ప్రశ్న వేసినా మర్యాద తప్పకుండా, మాట మార్చకుండా నిలబడాలి.

ఫోన్ ఎత్తకపోతే?

ఇది కల్పించుకున్న ఇబ్బంది కాదు. చాలా చీటీల మీద ఆసుపత్రి రిసెప్షన్ నంబరే ఉంటుంది. ‘సార్ రౌండ్స్‌లో ఉన్నారు, ఏంటో చెప్పండి, అడిగి చెబుతా’ అంటారు. మోతాదు కబురు రిసెప్షన్ ద్వారా అటూ ఇటూ నడవకూడదు. మధ్యలో ఒక అంకె మారినా పట్టుకునేవారుండరు. డాక్టరుతో నేరుగా మాట్లాడాలని, లేదా అక్కడి డ్యూటీ డాక్టరుతో మాట్లాడించమని అడగాలి.

అప్పటికీ దొరక్కపోతే అనుమానం ఉన్న మందును పక్కన పెట్టి, మిగతావి ఇవ్వటమే పద్ధతి. మన ఉదాహరణలో మెథోట్రెక్సేట్ ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా కీళ్లకు పెద్ద నష్టం లేదు. తప్పుగా వేసుకుంటేనే నష్టం. కానీ ఇన్ఫెక్షన్ మందు అలా కాదు. జ్వరం, చలి, నడుము నొప్పి ఉంటే రేపటిదాకా ఆగకూడదు. ఆ రోజే వేరే డాక్టరుకు చూపించి, మెథోట్రెక్సేట్ వాడుతున్నట్టు మొదటి మాటగా చెప్పాలి. ఏది ఆగవచ్చు, ఏది ఆగకూడదు అన్నది ఫార్మసిస్టు మీకు విడమరిచి చెప్పాలి. చెప్పకపోతే అడగండి.

డాక్టరు ‘నేను రాసింది ఇచ్చేయండి’ అని గట్టిగా అన్నా, ప్రమాదమని తెలిసిన మందును ఇవ్వకుండా ఆగటం ఫార్మసిస్టు బాధ్యతే. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ ఈ సంగతి స్పష్టంగానే చెబుతున్నాయి. మోతాదు తప్పుగా ఉందా, మందులు ఒకదానికొకటి పడవా అన్నది చూడాలి. తేడా కనిపిస్తే దాన్ని సరిచేసే ప్రయత్నం చేయాలి, అవసరమైతే డాక్టరును సంప్రదించాలి. అంటే ఈ ఫోన్ ఫార్మసిస్టు చూపే దయ కాదు, ఆయన విధి.

మరి ఎందుకు జరగటం లేదు?

మీరు మందులు కొనే షాపును ఒకసారి గుర్తు చేసుకోండి. సర్టిఫికెట్ గోడకు వేలాడుతుంటుంది. ఆ సర్టిఫికెట్‌లో ఉన్న మనిషి కౌంటరులో ఉన్నారా? 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. చాలాచోట్ల స్ట్రిప్పు వెతికి కవర్లో వేసే కుర్రాడే అన్నీ చూసుకుంటాడు. చీటీలో ఉన్న పేరు చదివి మందు తీయటం అతనికి బాగా వచ్చు. అందులో లేని ‘ఆదివారం’ అన్న మాటను వెతకటం అతని పని కాదు, అతనికి ఎవరూ నేర్పలేదు కూడా.

ఇంకో వైపు డబ్బు లెక్క. ధరల నియంత్రణలో ఉన్న మందుల ధర కట్టేటప్పుడు చిల్లర వ్యాపారికి 16 శాతం మార్జిన్ లెక్కేస్తారు. మందు అమ్మితేనే ఆ డబ్బు. పది నిమిషాలు ఆగి, డాక్టరుకు ఫోన్ చేసి, చివరికి ఒక మందు అమ్మకుండా పంపిస్తే షాపుకు వచ్చేది సున్నా. ఈలోపు వెనక నిలబడినవారు ‘ఇంకెంతసేపు?’ అంటుంటారు. ఆ తొందర మనదే. డిస్కౌంటు ఎంతో అడిగే మనం, ‘మీ ఫార్మసిస్టు ఎవరు?’ అని అడగం.

కోర్టు తీర్పుతో చేతిరాత బాగుపడవచ్చు. అన్ని చీటీలూ కంప్యూటర్‌లోకి మారవచ్చు. అప్పుడు మన టీచరుగారి చీటీ లాంటివి తగ్గకపోగా, అచ్చులో ఉంది కాబట్టి సరైనదేనన్న నమ్మకంతో ఇంకా సులువుగా చేతులు మారే ప్రమాదముంది. గజిబిజి రాత కనీసం ‘ఇదేంటి?’ అన్న అనుమానమైనా పుట్టిస్తుంది. శుభ్రమైన అచ్చు ఆ అనుమానాన్ని చంపేస్తుంది. కాబట్టి రాత బాగుచేయటంతో పాటు, ఫార్మసిస్టుకు డాక్టరు నేరుగా దొరికే ఒక నంబరు, ఆ ఫోన్ వస్తే విసుక్కోని అలవాటు కూడా రావాలి. క్లినిక్‌కు ఒక నంబరు, రోజులో ఒక సమయం కేటాయించటానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

మీ చేతిలో ఉన్నది

ఇంట్లో ఎవరైనా మెథోట్రెక్సేట్ వాడుతుంటే, ఆ స్ట్రిప్పు మీద మార్కర్‌తో వారం పేరు రాయండి. అమ్మకో నాన్నకో వారానికి సరిపడా మాత్రలు డబ్బాలో సర్దే బాధ్యత మీదైతే ఈ ఒక్క మాత్రను మిగతావాటితో కలపకండి. ఏ కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినా, పంటి డాక్టరైనా సరే, ‘వారానికొకసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటున్నాను’ అని ముందే చెప్పండి. నొప్పి మాత్రలు, యాంటీబయోటిక్స్ సొంతంగా కొనుక్కోకండి.

షాపులో ఒక్క ప్రశ్న చాలు: ‘ఈ కొత్త మందు, నేను వాడుతున్న ఈ మాత్రతో పడుతుందా? అనుమానం ఉంటే డాక్టరుగారికి ఫోన్ చేయండి, నేను ఆగుతాను.’ ‘నేను ఆగుతాను’ అన్న మాట ఫార్మసిస్టుకు చాలా ధైర్యమిస్తుంది. ‘ఏం కాదు, వేసుకోండి’ అని కౌంటరు కుర్రాడు అంటే ఆ రెండు మందులూ అక్కడ కొనకండి.

ఒకవేళ ఇప్పటికే రోజూ వేసుకుంటూ ఉన్నట్టు ఈ కథనం చదువుతూ గమనిస్తే, నోట్లో పుండ్లు వచ్చేదాకా ఎదురుచూడొద్దు. మాత్ర ఆపేసి, స్ట్రిప్పు, చీటీ తీసుకుని ఈ రోజే పెద్దాసుపత్రికి వెళ్లండి. మొదటి మాత్ర ఏ తేదీన వేసుకున్నారో, మొత్తం ఎన్ని వేసుకున్నారో చెప్పండి. రక్తకణాలు, కిడ్నీ, లివర్ పరీక్షలు చేస్తారు. విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇస్తారు. ఇంట్లో ఉన్న ఫోలిక్ యాసిడ్ మాత్రలు దానికి బదులు కావు. పేర్లు దగ్గరగా ఉన్నా మెథోట్రెక్సేట్ అడ్డుకున్న దారిని దాటి పనిచేసేది ఫోలినిక్ యాసిడే. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు.